టెక్ సందేహాలు: సైజు సరిపోయినా ఫైలు పాడైందని ఎలా తెలుస్తుంది?

సందేహం: మా తమ్ముడు పంపిన పెళ్లి ఫొటోల జిప్ ఫైలు 7-Zipతో విప్పుతుంటే ఒక్క ఫొటో దగ్గర CRC failed అని వస్తోంది. వాడి దగ్గరున్న ఫైలూ నా దగ్గరున్నదీ బైట్లతో సహా ఒకటే సైజు. మరి పాడైందని దానికెలా తెలిసింది? ఇంజనీరింగ్‌లో ప్యారిటీ, చెక్‌సమ్, సీఆర్‌సీ అని చదివాను కానీ ఆ బైనరీ భాగహారం నాకు అప్పుడూ ఎక్కలేదు.

జవాబు: మీ తమ్ముడి కంప్యూటర్ ఆ జిప్ కట్టేటప్పుడే లోపలున్న ప్రతి ఫొటోకీ విడివిడిగా ఒక 32 బిట్ల సంఖ్యను లెక్కకట్టి, ఫొటో వివరాలతో పాటే దాచింది. అదే సీఆర్‌సీ. మీరు విప్పినప్పుడు 7-Zip అదే లెక్క మళ్లీ చేస్తుంది. రెండు సంఖ్యలూ కలవకపోతే మీరు చూసిన మెసేజ్ వస్తుంది. ఫొటోకో సీఆర్‌సీ ఉంది కాబట్టే గోల మొత్తం జిప్‌కి కాకుండా ఒక్క ఫొటోకే పరిమితమైంది. సైజు ఎందుకు మారలేదంటారా? దారిలో ఒక 1 కాస్తా 0 అయితే బిట్ విలువ మారుతుంది, బిట్ల సంఖ్య మారదు. సైజు చూసి ఫైలు బాగుందనుకోవడానికి లేదు.

ఇక ఆ సంఖ్య ఎలా పుడుతుందో చూద్దాం. ఫొటోలో లక్షల బిట్లుంటాయి, మనకి ఆరు చాలు: 110101. పంపినది ఇది. దారిలో ఏదో తేడా జరిగి అవతలివాళ్లకి 101110 చేరిందనుకుందాం. ఈ ఒక్క తప్పును మూడు పద్ధతులకీ చూపిద్దాం.

ముందు ప్యారిటీ. ఇందులో చేసేదల్లా 1లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే. సరి ప్యారిటీ అయితే, అదనంగా చేర్చే బిట్‌తో కలిపి 1ల సంఖ్య సరిసంఖ్య కావాలి. 110101లో నాలుగు 1లున్నాయి, కాబట్టి ప్యారిటీ బిట్ 0. చేరిన 101110లో కూడా నాలుగే. ప్యారిటీ దృష్టిలో అంతా సవ్యంగానే ఉంది. ఒక బిట్ మారితే ఇది తప్పకుండా పట్టుకుంటుంది, మూడు మారినా పట్టుకుంటుంది. రెండో నాలుగో మారితే మాత్రం దానికి ఏమీ తెలియదు. పాత సీరియల్ పోర్టుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో బిట్ ఇలా జతచేసేవారు. అక్కడ ఖర్చు తక్కువ కాబట్టి సరిపెట్టుకున్నారు.

తర్వాత చెక్‌సమ్. డేటాను సమాన ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ సంఖ్యగా చూసి కూడతాం. మన బిట్లను మూడేసి చొప్పున విడదీస్తే 110 అంటే 6, 101 అంటే 5, మొత్తం 11. చేరిన దానిలో 101, 110 ఉన్నాయి. 5, 6 కూడినా 11 వస్తుంది. ఇదీ పట్టుకోలేకపోయింది. నోట్ల కట్టలో వందా యాభై చోట్లు మారినా మొత్తం మారనట్టే, కూడికకి వరసతో పనిలేదు. మనం వాడే ఇంటర్నెట్‌లో టీసీపీ, యూడీపీలు 16 బిట్ల ముక్కలతో ఇలాంటి కూడికే చేస్తాయి. వాటిలో కూడా రెండు 16 బిట్ల ముక్కలు స్థానాలు మార్చుకుంటే చెక్‌సమ్ అదే వస్తుంది. అలాగని అది దండగ అనుకోకండి. 2000లో జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ ప్రచురించిన పరిశీలనలో, లింకు స్థాయిలో సీఆర్‌సీ కాపలా ఉన్న చోట్ల కూడా 1,100 ప్యాకెట్లకొకటి నుంచి 32,000కి ఒకటి వరకు టీసీపీ చెక్‌సమ్ దగ్గర ఫెయిలయ్యాయి. కారణం తేలికే. సీఆర్‌సీ తీగ మీద ప్రయాణాన్ని కాపాడుతుంది. రూటర్ లోపలి మెమరీలోనో, పంపే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లోనో తప్పు జరిగితే, ఆ తప్పు డేటాకే కొత్త సీఆర్‌సీ కట్టి శుభ్రంగా ముందుకి పంపేస్తారు.

ఇప్పుడు మీకు ఎక్కని ఆ భాగహారం. చిన్నప్పుడు చేసిన దీర్ఘ భాగహారంలోంచి తీసివేత ఒక్కటీ మార్చాలి. ఇక్కడ అప్పులూ ఉండవు, చేతికి మిగిలేవీ ఉండవు. పైనా కిందా ఒకే బిట్ ఉంటే 0 వేయండి, వేర్వేరుగా ఉంటే 1 వేయండి. దీన్నే ఎక్సార్ అంటారు. విభాజకాన్ని రెండు వైపులా ముందే ఒప్పుకుని ఉంటారు, మనం 1011 తీసుకుందాం. ఇందులో నాలుగు బిట్లున్నాయి కాబట్టి శేషానికి మూడు బిట్లు కావాలి. అందుకే డేటా చివర మూడు సున్నాలు తగిలించి మొదలుపెడతాం.

```
110101000
1011
----
 1100
 1011
 ----
  1111
  1011
  ----
   1000
   1011
   ----
     1100
     1011
     ----
      111
```

మొదటి నాలుగు బిట్లు 1101, 1011తో ఎక్సార్ చేస్తే 0110 వచ్చింది. ముందున్న సున్నా వదిలేసి, పైనుంచి తర్వాతి బిట్ దింపితే 1100. ఇలాగే సాగుతుంది. చాలామంది తడబడేది నాలుగో మెట్టు తర్వాత. 1000, 1011ల ఎక్సార్ 0011. ఒక బిట్ దింపితే 0110, అంటే ముందు ఇంకా సున్నాయే ఉంది. ముందు 1 లేనప్పుడు ఎక్సార్ చేయకూడదు, ఇంకో బిట్ దింపాలి. అందుకే పైన చివరి 1100 రెండు గడులు పక్కకి జరిగి ఉంది. విభాజకం పెద్దదా చిన్నదా అని చూడాల్సిన పని లేదు, ముందు 1 ఉంటే చాలు. ఉదాహరణకి 1000 కంటే 1011 పెద్దది, అయినా భాగించాం. మామూలు భాగహారం అలవాటు ఇక్కడే అడ్డొస్తుంది. పరీక్షల్లో మార్కులు పోయేదీ ఇక్కడే.

మిగిలిన శేషం 111. తగిలించిన మూడు సున్నాల స్థానంలో దాన్ని పెట్టి 110101111 పంపుతాం. ఎక్సార్‌లో కూడినా తీసేసినా ఒకటే కాబట్టి, శేషాన్ని చేర్చడమంటే తీసేయడమే. అందుకే చేరిన తొమ్మిది బిట్లనూ అవతలివాళ్లు 1011తో భాగిస్తే శేషం సున్నా రావాలి. మీరే కాగితం మీద చేసి చూడండి, వస్తుంది. మన తప్పు డేటా మాత్రం 101110కి అదే శేషం తగిలి 101110111గా చేరింది:

```
101110111
1011
----
    1011
    1011
    ----
        1
```

శేషం 001. సున్నా కాదు కాబట్టి తప్పు దొరికిపోయింది. ప్యారిటీ, చెక్‌సమ్ రెండూ వదిలేసినదాన్ని మూడు బిట్ల శేషం పట్టుకుంది. ప్రతి బిట్ ప్రభావమూ అది ఉన్న స్థానాన్ని బట్టి ఉండటమే ఇందుకు కారణం.

దీన్ని దాటిపోయే తప్పులూ లేకపోలేదు. మారిన బిట్ల నమూనా సరిగ్గా 1011 ఆకారంలోనే ఉంటే, మారిన సంఖ్య కూడా 1011తో నిశ్శేషంగా భాగమవుతుంది. మన 110101111లో ఎడమనుంచి ఆరు, ఎనిమిది, తొమ్మిదో బిట్లు తిరగబడి 110100100 అయిందనుకోండి, శేషం సున్నా, సీఆర్‌సీకి తెలియదు. తమాషా ఏమిటంటే అదే తప్పులో డేటా బిట్లు చూస్తే 110100, మూడు 1లే ఉన్నాయి, అంటే ప్యారిటీ పట్టుకుంటుంది! అసలు ప్యారిటీ కూడా 11 అనే విభాజకంతో చేసే సీఆర్‌సీయే. అందుకే కొన్ని సీఆర్‌సీలకు ఆ 11 కూడా కారణాంకంగా ఉండేలా విభాజకాన్ని ఎంచుతారు. అప్పుడు బేసి సంఖ్యలో మారిన బిట్లన్నీ దొరుకుతాయి.

జిప్‌లో వాడే సీఆర్‌సీ-32లో విభాజకం 33 బిట్లది, 32 బిట్ల లోపు వరసలో జరిగే ఏ గందరగోళమైనా ఇది తప్పకుండా పట్టుకుంటుంది. డేటా పూర్తిగా చిందరవందరైతే పొరపాటున శేషం కలిసే అవకాశం దాదాపు 429 కోట్లలో ఒకటి. ఈథర్‌నెట్ కూడా ఇదే విభాజకాన్ని వాడుతుంది. అయితే కాగితం మీద మనలా భాగిస్తే 7-Zip చూపే విలువ రాదు. అందులో మొదటి 32 బిట్లను తిరగేసి మొదలుపెడతారు, చివరి శేషాన్నీ తిరగేస్తారు, బైట్‌లో బిట్లను వెనకనుంచి చదువుతారు. మొదటిది ఎందుకంటే, డేటా ముందు సున్నాలు కొన్ని ఎక్కువైనా తక్కువైనా మన పద్ధతిలో శేషం మారదు. ఆ లోటు పూడ్చడానికే. మీ ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో చూడాలంటే 123456789 అనే తొమ్మిది అక్షరాలు ఇవ్వండి, జవాబు CBF43926 రావాలి.

ఇక మీ ఫొటో సంగతి. తప్పుందని సీఆర్‌సీ చెబుతుంది, ఎక్కడుందో చెప్పదు, బాగుచేయలేదు. తప్పు ఎక్కడ దూరిందో మాత్రం మీరు తేల్చుకోవచ్చు. జిప్ ఫైలున్న ఫోల్డర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మీ ఫైలు పేరు పెట్టి ఇది కొట్టండి:

```
certutil -hashfile photos.zip SHA256
```

ఇది సీఆర్‌సీ కంటే గట్టి వేలిముద్ర లాంటిది. మీ తమ్ముణ్ణీ తన దగ్గరున్న జిప్ మీద ఇదే కొట్టమనండి. ఇద్దరికీ ఒకటే వస్తే పంపడంలో తప్పు లేదు, అక్కడే జిప్ పాడైంది, మళ్లీ కట్టి పంపాలి. వేర్వేరుగా వస్తే మళ్లీ దించుకోండి. అదే ఫైలు మీద మీరొక్కరే రెండు మూడుసార్లు కొట్టినా ఒక్కోసారి ఒక్కోటి వస్తుంటే మాత్రం ఫైలుది కాదు, మీ కంప్యూటర్‌దే దోషం. ర్యామ్‌నీ, బయటి డ్రైవ్ అయితే దాని కేబుల్‌నీ అనుమానించండి. విండోస్‌లో mdsched నడిపితే ర్యామ్‌ని పరీక్షిస్తుంది. జిప్‌కి పాస్‌వర్డ్ ఉండి అది తప్పు కొట్టినా CRC failed రావచ్చు, అప్పుడు పక్కన Wrong password? అని కూడా ఉంటుంది.

పైన SHA256 ఎందుకు వాడమన్నానంటే, సీఆర్‌సీ పొరపాట్లను పట్టడానికి పుట్టింది, మోసాన్ని ఆపడానికి కాదు. భాగహారం తెలిసినవాళ్లు డేటా మార్చి, శేషం కలిసేలా బిట్లు సర్దేయగలరు. పాత వైఫై భద్రత డబ్ల్యూఈపీలో మార్పుల తనిఖీకి సీఆర్‌సీ-32నే నమ్ముకున్నారు. ఎన్‌క్రిప్ట్ అయిన ప్యాకెట్లను కూడా దొరక్కుండా మార్చగలిగారు.

ఇంకొక్క మాట, దాదాపు ఇదే పేరుతో వచ్చే వేరే మెసేజ్ గురించి. ఫైలు కాపీ చేస్తుంటే విండోస్ Data error (cyclic redundancy check) అంటే అది జిప్ గొడవ కాదు, డిస్క్‌లో ఆ భాగం చదవడానికి రావడం లేదని అర్థం. మళ్లీ దించుకుంటే సరిపోదు. వెంటనే chkdsk /r మొదలుపెట్టకండి, అది డిస్క్ అంతా గంటల తరబడి తిరగేస్తుంది. పోవడానికి సిద్ధంగా ఉన్న డిస్క్ ఆ దెబ్బకి పూర్తిగా పోవచ్చు. ముందు చదవగలిగిన ఫైళ్లన్నీ వేరే డ్రైవ్‌లోకి తీసుకోండి, ఆ తర్వాతే మరమ్మతు.