ఎక్స్‌పర్ట్‌లు ఎనిమిది, నేర్చుకున్నవి రెండే

ప్రశ్న: మిక్స్‌ట్రాల్ 8x7B అంటే 56 బిలియన్ పారామీటర్లు ఉండాలి కదా? మరి 13 బిలియన్ల మోడల్ వేగంతో ఎలా నడుస్తుంది? అందులో ఒక్కో ఎక్స్‌పర్ట్ ఒక్కో సబ్జెక్టు చూసుకుంటుందా?

ఎనిమిదింతలు అయ్యేది ప్రతి లేయర్‌లో ఫీడ్‌ఫార్వర్డ్ భాగం ఒక్కటేనండి. ఆ ఎనిమిదింటినే ఎక్స్‌పర్ట్‌లంటారు. అటెన్షన్ అందరికీ ఉమ్మడి. అందుకే మొత్తం 56 కాదు, 46.7 బిలియన్లు. ప్రతి లేయర్‌లో రౌటర్ ఒక్కో టోకెన్‌కి రెండు ఎక్స్‌పర్ట్‌లనే ఎంచుతుంది కాబట్టి, ఆ టోకెన్ కోసం పనిచేసేవి 12.9 బిలియన్లు. మెమరీలో మాత్రం మొత్తం 46.7 కూర్చోవాల్సిందే. ఈ రెండో మాట చెప్పకుండా వీడియోలు చేసేవాళ్లంటే నాకు చాలా కోపం. వాళ్ల మాట నమ్మి గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లున్నారు.

సబ్జెక్టు సంగతికొస్తే, 'ఎక్స్‌పర్ట్' అన్న పేరే తప్పని నా అభిప్రాయం. మిక్స్‌ట్రాల్ తయారుచేసినవాళ్లే వెతికి చూసి, విషయాన్ని బట్టి పంపకం స్పష్టంగా కనిపించలేదని రాశారు. అసలు ఎవరికి ఏ పని వచ్చు అన్నదాని కంటే, పని అందరికీ అందుతోందా లేదా అన్నదే ఇందులో పెద్ద తలనొప్పి. నేను రెండు వారాలు దానితోనే వేగాను.

మాది విజయనగరం. బొబ్బిలి వైపు మా బంధువుల మాటలు రికార్డు చేసి, టైపు చేసి, మన యాసకి ఒక చిన్న మోడల్ ట్రైన్ చేద్దామని కూర్చున్నాను. లేయర్‌కి ఎనిమిది ఎక్స్‌పర్ట్‌లు, టోకెన్‌కి ఒక్కటే. వెడల్పు 512, లోపల 2048. అంటే ఒక్కో ఎక్స్‌పర్ట్‌లో సుమారు 21 లక్షల పారామీటర్లు, ఎనిమిదింటిలో కోటీ 68 లక్షలు. టోకెన్ దాటేది ఆ 21 లక్షలనే. అదనంగా పడేది 512×8 రౌటర్, అంటే 4096 గుణకారాలు. దాచుకునే చోటు ఎనిమిదింతలు పెరిగినా కూలి దాదాపు అంతే.

రౌటర్‌ని దాని ఇష్టానికి వదిలేస్తే మొదట్లో కాస్త మెరుగ్గా కనబడ్డ ఎక్స్‌పర్ట్‌కే టోకెన్లు పంపుతుంది, పంపినకొద్దీ అదే మెరుగవుతుంది, మిగతావి ఎండిపోతాయి. అందుకని 2021 నాటి స్విచ్ ట్రాన్స్‌ఫార్మర్ పద్ధతిలో బ్యాలెన్సింగ్ లాస్‌ని 0.01తో గుణించి భాషా లాస్‌కి కలిపాను. ప్రతి ఎక్స్‌పర్ట్‌కి చేరిన టోకెన్ల వాటా f, రౌటర్ దానికిచ్చిన సగటు సంభావ్యత P. రెండూ గుణించి, అన్నీ కూడి, ఎనిమిదితో గుణించాలి. పంపకం సమానంగా ఉంటే 1 వస్తుంది, అంతా ఒక్కరి నెత్తినే పడితే 8.

నాకు 1.02 వచ్చింది. నేను సంబరపడ్డాను. కానీ అసలైన భాషా లాస్ మాత్రం ఒక స్థాయి దగ్గర ఆగిపోయి దిగనంది. మా బావమరిది స్క్రీన్ చూసి, "ఏటి బావా, ఎనిమిది పెట్టినా చిన్న మోడల్‌కీ దీనికీ తేడా లేదేటి?" అన్నాడు. ఆ రాత్రి ఒక బ్యాచ్‌లో ఏ టోకెన్ ఎటు వెళ్లిందో లెక్కపెట్టాను.

మన మాటలు పొట్టివి. "ఏటి సేస్తన్నావు?" అంటే అయిపోయింది. 16 వాక్యాలు, ఒక్కోటి 256 స్థానాలు, మొత్తం 4096. అందులో నిజమైన టోకెన్లు 1024 చిల్లర. మిగతా మూడు వంతులూ ఖాళీని నింపే ప్యాడింగే. నిజమైనవి రెండే ఎక్స్‌పర్ట్‌లకు, చెరో 512 దాకా వెళ్తున్నాయి. ప్యాడింగ్ మిగతా ఆరింటికీ దాదాపు 512 చొప్పున సర్దుకుంది. లెక్కకి ఎంత సమానం! ప్యాడింగ్ మీద భాషా లాస్ పడదు కాబట్టి, రౌటర్ దాన్ని ఎటు తోసినా నష్టం లేదు. అందుకే లెక్క సరిపెట్టడానికి దాన్నే వాడుకుంది. ఆ ఆరు ఎక్స్‌పర్ట్‌లూ భాషా లాస్ నుంచి నేర్చుకున్నది దాదాపు శూన్యం.

ప్యాడింగ్ తీసేసి లెక్క వేస్తే:

```python
m = mask.view(-1).bool()
f = F.one_hot(top1.view(-1)[m], 8).float().mean(0)
P = probs.view(-1, 8)[m].mean(0)
aux = 8 * (f * P).sum()
```

1.02 కాస్తా 4 దగ్గరికి పోయింది. రెండింటికి సగం సగం అయితే 8×(0.25+0.25), సరిగ్గా అంతే రావాలి. మళ్లీ మొదటి నుంచి ట్రైన్ చేస్తే ఎనిమిదింటికీ నిజమైన టోకెన్లు అందాయి, ఆగిపోయిన లాస్ కూడా కదిలింది. గుణకాన్ని 0.01 నుంచి 0.1కి పెంచి చూశాను, అది చెడ్డ పని. పంపకం చక్కగా కుదిరింది గానీ భాష పాడైంది, ఎందుకంటే రౌటర్ సరైన ఎక్స్‌పర్ట్‌ని వదిలి ఖాళీగా ఉన్నదానికి పంపడం మొదలుపెట్టింది.

ఇంకో మాట. అన్ని లేయర్ల సగటు చూసి ఊరుకోకండి. నా మోడల్‌లో మొదటి లేయర్ బాగానే ఉంది, పాడైనవి లోపలివి. లేయర్ వారీగా, ప్యాడింగ్ లేకుండా, ఎనిమిది అంకెలు ప్రింట్ చేయించుకోండి. ఇప్పుడు నేను పొట్టి వాక్యాలను వరసగా కలిపి 256 నింపేస్తున్నాను, ప్యాడింగ్ దాదాపు లేదు.