అసెంబ్లీలో ఐదు నిమిషాలు: నికోటిన్ పిల్లల మెదడును అంత త్వరగా ఎలా పట్టుకుంటుందో చెప్పడం

ప్రశ్న: చిత్తూరు దగ్గర హైస్కూల్లో బయాలజీ చెప్తాను. సోమవారం అసెంబ్లీలో వేప్ అనే ఈ-సిగరెట్, పొగాకు గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. 8 నుంచి 10 తరగతి దాకా పిల్లలుంటారు. క్యాన్సర్ బొమ్మలు చూపిస్తే వెనక వరసలో నవ్వుకుంటున్నారు. చిన్న వయసులోనే ఎందుకు అంత త్వరగా అలవాటవుతుందో వాళ్లకు ఎక్కేలా ఎలా చెప్పాలి?

జవాబు:

క్యాన్సర్‌ను ఈసారికి పక్కన పెట్టండి. అది నిజమే, కానీ పద్నాలుగేళ్ల పిల్లాడికి నలభై ఏళ్ల తర్వాతి సంగతి. వాడి లెక్క వేరు: "ఊరికే చూస్తా, నచ్చకపోతే మానేస్తా." మీ ఐదు నిమిషాలూ ఆ ఒక్క లెక్క ఎక్కడ తప్పుతుందో చూపించడానికే వాడండి. మానేయాలా వద్దా అని తేల్చుకోవాల్సిన మెదడునే నికోటిన్ మార్చేస్తుంది. అది కూడా వాడు ఇంకా "నాకు అలవాటు కాలేదు" అనుకుంటున్న రోజుల్లోనే.

మొదలుపెట్టగానే ఉపదేశం వద్దు. "అందరూ నాతో పాటు పదిహేను దాకా మెల్లగా లెక్కపెట్టండి" అనండి. లెక్క అయిపోగానే చెప్పండి: "ఒక్క దమ్ము పీలిస్తే అందులోని నికోటిన్ ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తం నుంచి మెదడుకు చేరడానికి ఇంత సమయం చాలు." పది నుంచి ఇరవై సెకన్లు పడుతుంది. ఈ వేగమే అసలు విషయం. చేసిన పనికి, కలిగిన హాయికి మధ్య దూరం ఎంత తక్కువైతే మెదడు ఆ రెంటినీ అంత గట్టిగా ముడివేస్తుంది. ఈ పాఠాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు, మరిచిపొమ్మంటే మాత్రం మరిచిపోదు.

తర్వాత కుర్చీలు. స్టేజి మీద నాలుగు కుర్చీలు వేయించండి. అవి మెదడు కణం మీదున్న గ్రాహకాలు. నలుగురు పిల్లలు వచ్చి కూర్చుని, వెంటనే లేచి వెళ్లాలి. వాళ్లు ఎసిటైల్‌కోలిన్, మన ఒంట్లో సహజంగా తయారయ్యేదే. సందేశం ఇస్తుంది, క్షణంలో తప్పుకుంటుంది. ఇప్పుడు మీరూ, ఇంకో ముగ్గురు టీచర్లూ నికోటిన్‌గా వచ్చి కూర్చోండి, లేవకండి. పిల్లలు మళ్లీ వస్తే చోటుండదు. పని జరగడం లేదని మెదడు ఏం చేస్తుంది? ఇంకో నాలుగు కుర్చీలు తెప్పిస్తుంది. స్కూల్ లీడర్ చేత తెప్పించి పక్కనే వేయించండి. ఆ తర్వాత టీచర్లందరూ లేచి దిగిపోండి. పిల్లలు నలుగురే, కుర్చీలు ఎనిమిది. ఆ మిగిలిన నాలుగు ఖాళీ కుర్చీల వైపు చెయ్యి చూపించి, ఒక్క క్షణం ఆగి చెప్పండి: "చిరాకు, చదువు మీద మనసు నిలవకపోవడం, ఒక్క దమ్ము చాలు అనిపించడం, ఇవన్నీ ఈ ఖాళీ కుర్చీల అరుపులు."

నికోటిన్ పాత్ర మాత్రం పిల్లలకు ఇవ్వకండి. ఎవరు వేస్తే వాళ్లకు పదో తరగతి అయ్యేదాకా అదే పేరు ఉండిపోతుంది.

ఇక్కడ వయసు మాట తేవాలి. నికోటిన్ అలా కూర్చున్నప్పుడు మెదడు లోపల డోపమైన్ విడుదలవుతుంది. "ఇది బాగుంది, మళ్లీ చెయ్" అని గుర్తు పెట్టించేది అదే. ఆ విభాగం పదమూడు, పద్నాలుగేళ్లకే జోరుగా పనిచేస్తుంది. "ఆగు, ఆలోచించు" అనే నుదుటి వెనక భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు ఇరవై అయిదేళ్లు పడుతుంది. బండికి యాక్సిలరేటర్ ముందే బిగించారు, బ్రేకు ఇంకా షెడ్డులోనే ఉంది, అలాంటి బండితో తిరుమల ఘాట్‌రోడ్డు దిగడమే ఇది అని చెప్పండి, మీ పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి ఉంది, ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఒకే ఒక్క నికోటిన్ మోతాదు ఇస్తే, అది ఇచ్చిన చోటుకే మళ్లీ వెళ్లాలని లేత వయసు ఎలుకలు చూశాయి, ఎదిగిన ఎలుకలకు ఒక్క మోతాదుతో అలా కాలేదు.

మనుషుల్లో ఇది ఎంత త్వరగా జరుగుతుందో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పన్నెండు, పదమూడేళ్ల బడిపిల్లల్ని గమనించి 2000లో ప్రచురించారు. రోజూ తాగనివాళ్లలో, అప్పుడప్పుడూ మాత్రమే తాగే పిల్లల్లో కూడా కొందరికి నాలుగు వారాల లోపే బానిసత్వపు లక్షణాలు కనిపించాయి. "రోజుకు ఇన్ని తాగితేనే అలవాటు" అన్న నమ్మకం ఇలాంటి గమనింపులతోనే కూలింది. మీ ముందు నిలబడ్డవాళ్లది దాదాపు అదే వయసు కాబట్టి, ఆ వాక్యాన్ని నెమ్మదిగా చెప్పండి.

ఇక వేప్. ఇది మీ సబ్జెక్టుకు పక్కనే ఉన్న పాఠం, కాబట్టి ఆమ్లం, క్షారంతో చెప్పండి. ఖైనీ నలిపేవాళ్లు అరచేతిలో సున్నం ఎందుకు కలుపుతారో పిల్లల్నే అడగండి. సున్నం క్షారం. క్షారంలో నికోటిన్ విడివడి చెంప లోపలి పొర గుండా సులువుగా రక్తంలోకి దిగుతుంది. వేప్‌లో ఇదే ఆట తిరగేశారు. నికోటిన్ అలా విడిగా ఎక్కువ మోతాదులో ఉంటే గొంతు మండుతుంది, దగ్గొస్తుంది. కొత్తవాడు ఆ దగ్గుతోనే ఆగిపోతాడు. అందుకని బెంజోయిక్ ఆమ్లం కలిపి దాన్ని లవణంగా మార్చారు. ఇప్పుడు గొంతు అంతగా మండదు. అయినా ఊపిరితిత్తుల్లోకి చేరాక రక్తంలోకి పోవడం మాత్రం ఆగదు, అక్కడ పొర అంత పలచన, వైశాల్యం అంత ఎక్కువ. "దగ్గు అంటే ఒళ్లు వద్దని చెప్పడం. ఆ నోరు నొక్కేశారు" అని చెప్తే చాలు.

మోతాదు లెక్క బోర్డు మీదైతే ఇంకా బాగుంటుంది. ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి వచ్చే నికోటిన్ సుమారు 1 నుంచి 2 మిల్లీగ్రాములు. వేప్ ద్రవం మీద 5 శాతం అని ఉంటే మిల్లీలీటరుకు దాదాపు 50 మిల్లీగ్రాములు, 2 మిల్లీలీటర్లకు 100. అదంతా ఒంట్లోకి రాదు, నిజమే. ఐరోపా దేశాల్లో మిల్లీలీటరుకు 20 దాటకూడదని నియమం ఉందంటేనే ఆ 50 ఎంతో తెలుస్తుంది. ఇంకో తేడా ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యం. సిగరెట్ పది పన్నెండు దమ్ములకు దానంతటదే అయిపోతుంది, ఆరిపోతుంది. వేప్‌కు ఆ ముగింపు లేదు. ఎన్ని దమ్ములయ్యాయో లెక్క తెలియదు.

చివరి నిమిషానికి ఒక తొమ్మిదో తరగతి పిల్లాణ్ని ఊహించి చెప్పండి. పేరు పెట్టకండి, బడిలో ఆ పేరుగల వాడు ఒకడుంటాడు. సెలవుల్లో వాళ్ల అన్న స్నేహితుడి దగ్గర వేప్ పీల్చాడు. తల తిరిగింది, వాంతి వచ్చినట్టయింది. నాలుగైదు రోజులు పీల్చేసరికి తల తిరగడం పోయింది. "నాకు పడింది" అనుకున్నాడు. నిజానికి కుర్చీలు వేయడం మొదలైంది. మూడో వారంలో లెక్కల క్లాసులో చిరాకు, ఇంటర్వెల్‌లో పీలిస్తే నెమ్మది. "ఇది టెన్షన్ తగ్గిస్తుంది" అని తేల్చుకున్నాడు. ఇక్కడే గంటల లెక్క వేయండి. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకొకసారి సగానికి పడిపోతుంది. రాత్రి పదింటికి 16 పాళ్లు ఉంటే, పన్నెండుకు 8, రెండింటికి 4, నాలుగింటికి 2, పొద్దున ఆరింటికి 1. ప్రార్థన సమయానికి దాదాపు ఖాళీ. అంటే ఆ పిల్లాడి ఒంట్లో కుర్చీలన్నీ గట్టిగా అరిచేది సరిగ్గా అసెంబ్లీ వేళే. వాడు తగ్గించుకుంటున్న టెన్షన్ లెక్కల వల్ల వచ్చింది కాదు, నిన్నటి దమ్ము మిగిల్చి వెళ్లింది. ఆ టెన్షన్‌ను ప్రతి దమ్ముతో వాడే పెంచుకుంటున్నాడు.

చేతులెత్తించకండి. మనసులో జవాబు చెప్పుకోమని మూడే ప్రశ్నలు అడగండి. మానాలనుకుని మానలేకపోయావా? బడిలాంటి చోట తాగకుండా ఉండటం కష్టమనిపించిందా? తాగని రోజు చిరాకు, ఏకాగ్రత లేకపోవడం గమనించావా? కౌమార వయసు పిల్లల కోసం తయారుచేసిన పది ప్రశ్నల పట్టికలో ఉన్నవే ఇవి. ఒక్కదానికి "అవును" వచ్చినా పట్టు మొదలైనట్టే లెక్క.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయంటే, పట్టుబడ్డ వేప్‌ను స్టేజి మీద ఎత్తి చూపించడం దగ్గర, రుచుల పేర్లు చదవడం దగ్గర. తెలియనివాడికి అదే ప్రకటన అవుతుంది. "సిగరెట్ కన్నా తక్కువ హానేమో కదా సార్" అని ఎవరైనా అడిగితే వాదనకు దిగకండి. ఎన్నడూ ఏదీ తాగని పిల్లాడికి పోలిక సిగరెట్‌తో కాదు, మామూలు గాలితో అనండి. చట్టం మాట ఒక్క ముక్క చాలు: 2019 నుంచి మన దేశంలో ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరం. మొదటిసారి అమ్మి దొరికితే ఏడాది దాకా జైలు గానీ లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. పద్దెనిమిది నిండనివాళ్లకు పొగాకు అమ్మడం, బడికి వంద గజాల లోపు అమ్మడం 2003 చట్టం ప్రకారం తప్పు. మీ గేటు నుంచి పొగాకు అమ్మే బంకు ఎంత దూరమో పిల్లలకు మీకన్నా బాగా తెలుసు.

"మా తాత యాభై ఏళ్లుగా బీడీ తాగుతున్నాడు, ఏం కాలేదే" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆయన ఆరోగ్యం గురించి మాట్లాడకండి. "తాతను ఇవాళ ఒక్క మాట అడుగు, ఎన్నిసార్లు మానాలని చూశాడో" అనండి.

అసెంబ్లీ అయ్యాక ఒకరిద్దరు స్టాఫ్‌రూమ్ బయట తచ్చాడతారు. మొదటి మాటగా "ఎవరిచ్చారు?" అని అడిగితే రెండోవాడు రాడు. ఆఖరిసారి ఎప్పుడు తాగావు, పొద్దున లేవగానే కావాలనిపిస్తుందా, అని అడగండి. మానిన రెండు మూడు రోజులకు చిరాకు బాగా పెరుగుతుందని, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుందని, ఎక్కువైన కుర్చీలు కూడా కొన్ని వారాల్లో మడతపడతాయని ముందే చెప్పండి. లేకపోతే మూడో రోజు "ఇక నావల్ల కాదు" అనుకుంటాడు. ఆ మూడు రోజులు యూనిట్ టెస్టుల్లో పడకుండా తేదీ మీరే కలిసి చూసుకోండి. పొగాకు మానేందుకు జాతీయ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-2356. ఇంట్లో ఫోన్ చేయలేని పిల్లాడికి స్టాఫ్‌రూమ్‌లో ఓ పది నిమిషాలు మీ ఫోన్ ఇవ్వండి.