రాలేనని చెప్పేటప్పుడు కారణం ఎంత చెప్పాలి?

ప్రశ్న: దావత్‌కు రాలేనని చెప్పడానికి ఏదో ఒక సాకు చెప్తే సరిపోదా? చిన్న అబద్ధం కూడా తప్పేనా?

సాకుతో వచ్చే చిక్కేమిటంటే, అది అవతలివారికి తాము తీర్చగలిగిన ఇబ్బందిలా కనిపిస్తుంది. మిర్యాలగూడ నుంచి పిలిచిన బావకు "బండి ఖరాబైంది" అని నల్లగొండలో ఉన్న మీరు చెప్పారనుకోండి, "తమ్ముణ్ని పంపిస్తా, తయారుగా ఉండు" అంటాడు. అప్పుడు మొదటి అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండోది వెతుక్కోవాలి, ఆ రెండింటినీ గుర్తుపెట్టుకోవాలి. "ఈ ఆదివారం ఇంటి దగ్గరే ఉండాలనుకున్నాను బావా, రాలేను" అన్న మాటలో బాగుచేయడానికి ఏమీ ఉండదు కనుక, కాసేపు నిష్ఠూరమాడినా అక్కడితో ఆగిపోతాడు. కారణం ఒక్కటే చెప్పండి. మూడు చెబితే అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని బతిమాలుతారు.

చిన్న అబద్ధమంటారా, అవతలివారు దాన్ని నమ్మి డబ్బో, సమయమో, దిగులో వెచ్చించనంత వరకే అది చిన్నది. కూర నచ్చకపోయినా "కడుపు నిండింది" అంటే ఎవరికీ నష్టం లేదు. నేను ఒకసారి అమ్మకు జ్వరమని చెప్పి తప్పించుకున్నాను. మా మేనత్త దేవరకొండలో బస్సెక్కి, సాయంత్రానికల్లా బత్తాయిల సంచితో మా గుమ్మంలో నిలబడింది. తలుపు తీసింది అమ్మే.