కోడింగ్ ఇంటర్వ్యూకి స్క్రీన్ రీడర్ వాడతానని ముందే చెప్పాలా?

"నాకు చూపు లేదు, స్క్రీన్ రీడర్‌తో కోడ్ రాస్తాను. త్వరలో ఒక ఆన్‌లైన్ టెస్ట్, ఆ తర్వాత వీడియో ఇంటర్వ్యూ ఉన్నాయి. ముందే చెబితే పక్కన పెట్టేస్తారేమోనని టెన్షన్. చెబితే ఏమని అడగాలి?"

చెప్పండి, టెస్ట్ తేదీ ఖరారు చేసే మెయిల్‌లోనే. నేనూ స్క్రీన్ రీడర్‌తోనే పనిచేస్తాను, ఇప్పుడు ఇంటర్వ్యూలు చేసే వైపూ కూర్చుంటున్నాను. మీ భయం ఉత్తది అనను. కానీ టెస్ట్ మధ్యలో చెబితే అవతలివాళ్లకు మార్చే వీలే ఉండదు.

ఎక్కువ సమయం ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఒక కంపెనీ నాకు అడగ్గానే సమయం పెంచింది. తీరా చూస్తే టెస్ట్ పేజీలోని ఎడిటర్‌లో నేను టైప్ చేసిన లైన్‌ను స్క్రీన్ రీడర్ చదవనే లేదు. పై బాణం నొక్కితే మౌనం. అలాంటి చోట రోజంతా ఇచ్చినా ఒకటే. చివరికి నా కంప్యూటర్‌లో నా ఎడిటర్‌లోనే రాస్తూ స్క్రీన్ షేర్ చేయడానికి ఒప్పుకున్నారు. ప్రశ్నలు అవే, మార్కుల పద్ధతీ అదే.

అందుకే మెయిల్‌లో జబ్బు పేరు, ఎప్పటినుంచి అన్న వివరాలు అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: "నేను స్క్రీన్ రీడర్ వాడతాను. మీ టెస్ట్ ప్లాట్‌ఫామ్‌లో నమూనా ప్రశ్న లింక్ ముందుగా పంపండి. అది పనిచేయకపోతే నా ఎడిటర్‌లో రాసి చూపిస్తాను. ప్రశ్నలు బొమ్మలుగా కాక టెక్స్ట్‌గా కావాలి. కెమెరా నిఘా ఉంటే నా చూపు దిశను బట్టి తప్పు పట్టకుండా చూడండి."

నమూనా రాగానే నాలుగు లైన్లు టైప్ చేసి, బాణం కీలతో పైకీ కిందికీ వెళ్లి చూడండి. Tab నొక్కితే ఎడిటర్‌లోనే ఇరుక్కుపోతుంటే Ctrl+M నొక్కి, మళ్లీ Tab నొక్కండి. అది Monaco అనే వెబ్ కోడ్ ఎడిటర్ అయితే బయటపడతారు, Alt+F1తో సహాయం కూడా వస్తుంది. వీడియోలో ఇంకో ఇబ్బంది ఉంది: స్క్రీన్ రీడర్ గొంతు, ఎదుటివారి గొంతు ఒకేసారి చెవిలో పడతాయి. "ఇప్పుడు కోడ్ వింటున్నాను, ఒక్క నిమిషం" అని చెప్పేయండి.

ఉద్యోగం ఇచ్చేవాళ్లకూ ఒక మాట. "ఏం మార్చాలి?" అని మాత్రమే అడగండి. "చూపు లేకుండా కోడ్ ఎలా రాస్తారు?" అన్న కుతూహలానికి ఇంటర్వ్యూ చోటు కాదు. ప్యానెల్‌కు ఏ ఏర్పాటు మారిందో చెబితే చాలు. పైగా దయ చూపి ప్రశ్న తేలిక చేయకండి, అభ్యర్థికి అది అవమానం. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం ప్రకారం, మితిమీరిన భారం కాని సర్దుబాటును నిరాకరించడం వివక్షే. సొంత ఎడిటర్ వాడనివ్వడం ఎవరికీ అంత భారం కాదు.

జవాబు రాకుండానే టెస్ట్ రోజు వస్తే లింక్ తెరవకండి. చాలా చోట్ల తెరిచి మొదలుపెట్టగానే టైమర్ నడుస్తుంది, మళ్లీ అవకాశం ఉండదు. "సౌకర్యం విషయం తేలలేదు, తేదీ మార్చండి" అని అదే మెయిల్ కింద రాయండి, అడిగినట్టు రుజువు మీ దగ్గర ఉంటుంది.