వీకెండ్ ఫ్రీలాన్స్ పనికి కంపెనీని అనుమతి అడిగే లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక ఐటీ కంపెనీలో జావా డెవలపర్‌గా చేస్తున్నాను. మంగళగిరిలో ఒక చీరల షాపువాళ్లు వెబ్‌సైట్ చేసిపెట్టమంటున్నారు. శని, ఆదివారాలు కూర్చుంటే మూడు నెలల్లో అయిపోతుంది, డబ్బులు ఇస్తారు. మా మేనేజర్‌ని అడిగితే "వీకెండ్‌లో నీ ఇష్టం, చేసుకో" అన్నారు. అయినా కంపెనీకి లెటర్ పెట్టాలా? పెడితే ఏం రాయాలి?

జవాబు: పెట్టాలి. మీ మేనేజర్ మంచి ఉద్దేశంతోనే అని ఉంటారు, కానీ చాలా కంపెనీల్లో ఈ అనుమతి ఇచ్చే అధికారం మేనేజర్ ఒక్కరికే ఉండదు. ఆయన రేపు వేరే ప్రాజెక్టుకు మారితే ఆ మాటకు సాక్ష్యం కూడా ఉండదు. 2022లో ఇన్ఫోసిస్ తన ఉద్యోగులకు గిగ్ పనులు చేసుకోవచ్చని చెప్పినప్పుడు కూడా, మేనేజర్‌తో పాటు హెచ్ఆర్ ముందస్తు అనుమతి ఉండాలని షరతు పెట్టింది.

ముందు మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి రెండు క్లాజులు వెతకండి. మొదటిది, కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా వేరే ఉద్యోగం, వ్యాపారం చేయకూడదనేది. సాధారణంగా అందులో "ఆఫీసు వేళల్లో" అని ఉండదు, "ఉద్యోగంలో ఉన్నంతకాలం" అని ఉంటుంది. అలా ఉంటే ఆదివారం కూడా దాని కిందికే వస్తుంది.

రెండోది మేధో హక్కుల క్లాజు. దీన్ని చాలామంది చదవరు, అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా చేసిన పని మీద హక్కు యజమానిది. మీ వెబ్‌సైట్ ఉద్యోగంలో భాగం కాదు, నిజమే. కానీ కొన్ని కంపెనీలు చట్టం కంటే విస్తృతంగా రాసుకుంటాయి: ఉద్యోగ కాలంలో మీరు తయారుచేసినది కంపెనీ వ్యాపారానికి సంబంధించినదైతే అది కంపెనీదేనని. మీ కంపెనీ రిటైల్ క్లయింట్లకు ఆన్‌లైన్ స్టోర్లు కట్టిస్తోందనుకోండి, మీరు చీరల షాపుకు రాసిన ఆర్డర్, పేమెంట్ కోడ్ కూడా ఆ మాట కిందికి రావచ్చు. షాపువాళ్లు డబ్బు కట్టి కొనుక్కున్నదాని మీద వివాదం వస్తే వాళ్లకేం చెప్తారు? అందుకే లెటర్‌లో ఈ విషయం మీరే ఎత్తాలి.

"ఫ్రీలాన్సింగ్‌కు అనుమతి ఇవ్వగలరు" అని ఒక్క ముక్కలో అడిగితే హెచ్ఆర్‌వాళ్లు కాదనడానికే చూస్తారు. ఏ పని, ఎవరికి, ఎన్నాళ్లు అన్నది తెలియకుండా ఎవరూ సంతకం పెట్టరు. ఈఎంఐలు, ఇంటి ఖర్చులు రాయకండి, వాటిని బట్టి వాళ్లు నిర్ణయం తీసుకోలేరు. ఒకే ఒక్క పనికి, ముగింపు తేదీతో అడగండి. మీరు ఇంగ్లిష్‌లోనే పంపుతారు గానీ, విషయం ఇలా ఉండాలి:

"నా అపాయింట్‌మెంట్ లెటర్‌లోని ఫలానా క్లాజు ప్రకారం ఈ కింది పనికి రాతపూర్వక అనుమతి కోరుతున్నాను. మంగళగిరిలోని ఫలానా చీరల షాపుకు అమ్మకాల వెబ్‌సైట్ తయారుచేయడం. ఫలానా తేదీ నుంచి మూడు నెలలు, శని, ఆదివారాల్లో మాత్రమే. ఇందుకు ఫీజు తీసుకుంటాను, అక్కడ ఉద్యోగిగా చేరడం లేదు. నాకు తెలిసినంతవరకు ఆ షాపు మన కంపెనీకి క్లయింట్ కాదు, పోటీదారు కాదు. కంపెనీ ల్యాప్‌టాప్, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, కోడ్, సమాచారం, కంపెనీ పేరు వాడను. వీకెండ్‌లో రిలీజ్ లేదా ఆన్‌కాల్ డ్యూటీ పడితే దానికే మొదటి ప్రాధాన్యం. ఈ వెబ్‌సైట్ కోడ్‌పై కంపెనీకి హక్కు ఉండదని మీ జవాబులో నిర్ధారించగలరు. పని స్వరూపం, గడువు మారితే మళ్లీ అనుమతి తీసుకుంటాను."

రాసిన ప్రతి మాటా మీరు నిలబెట్టుకోగలిగేదై ఉండాలి. సొంత ల్యాప్‌టాప్ లేకపోతే ముందు అది ఏర్పాటు చేసుకోండి. ఆఫీసు మెషీన్‌లో షాపు ఫోల్డర్ ఒక్కటి కనబడినా అనుమతి ఉండీ లేనట్టే.

మేనేజర్‌కు ముందే చెప్పి, మెయిల్ హెచ్ఆర్‌కు పంపి ఆయన్ని సీసీలో పెట్టండి. ఇలాంటి విషయాలకు కంపెనీ పోర్టల్‌లో ఫారం ఉంటే అందులోనే నింపండి. "వారంలో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టు భావిస్తాను" అని మాత్రం రాయొద్దు. జవాబు రాలేదంటే అనుమతి రాలేదనే అర్థం. పది రోజులు చూసి మర్యాదగా గుర్తుచేయండి. జవాబు వచ్చాక "ఓకే" అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా, కోడ్ హక్కుల గురించి ఏమన్నారో చూడండి. దాన్ని దాటేసి ఉంటే ఆ ఒక్క ప్రశ్నే మళ్లీ అడగండి. ఆ మెయిల్‌ను సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేయడం కొన్ని కంపెనీల్లో పాలసీకి విరుద్ధం కాబట్టి, కాపీ ఉంచుకోవచ్చా అని హెచ్ఆర్‌నే అడిగి ప్రింట్ తీసుకోండి.

జవాబు చేతికి వచ్చేదాకా షాపువాళ్ల దగ్గర అడ్వాన్స్ తీసుకోకండి, ఒప్పందం మీద సంతకం పెట్టకండి. ఈలోగా వాళ్లు తొందరపెడితే, చీరల ఫొటోలు, ధరల పట్టిక సిద్ధం చేసుకోమని చెప్పండి. ఆ పని వాళ్లదే, దానికి మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.