చికెన్‌ను కుళాయి కింద కడిగితే క్రిములు పోతాయా?

ప్రశ్న: వండే ముందు పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడుగుతాం. దానివల్ల క్రిములు వంటగదంతా వ్యాపిస్తాయంటున్నారు, నిజమేనా?

నిజమే. సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి బాక్టీరియా మాంసాన్ని గట్టిగా పట్టుకుని ఉంటాయి, నీళ్లకు పూర్తిగా వదలవు. వదిలినవి మాత్రం తుంపర్లతో సింకు అంచుకీ, గట్టుకీ, పక్కనున్న గిన్నెలకీ చేరతాయి. మెత్తటి మాంసంపై ధార పడిన చోట చిన్న గుంట పడి నీళ్లు ఇంకా చిమ్ముతాయి. కుళాయి ఎంత ఎత్తుగా ఉంటే అంత ఎక్కువ. అసలు ప్రమాదం కూరలో కాదు, అదే సింకులో తర్వాత కడిగి పచ్చిగా తినే కొత్తిమీర, కీరా ముక్కల్లో.

క్రిముల్ని చంపేది వేడి. ముక్క లోపల 74 డిగ్రీల సెల్సియస్ తగలాలి. రంగు చూసి ఉడికిందనుకోవద్దు, థర్మామీటర్ గుచ్చి చూడండి.

నెత్తురు, ఎముక పొడి ఉంటే టిష్యూతో అద్ది, దాన్ని వెంటనే చెత్తబుట్టలో వేయండి. కడగనిదే మనసొప్పకపోతే, గిన్నెలో నీళ్లు పోసి ముక్కల్ని మెల్లగా ముంచి తీయండి, ఆ నీళ్లు చిమ్మకుండా సింకులో వంపండి. ఉప్పు, నిమ్మరసం, పసుపు నీచువాసన తగ్గిస్తాయేమో గానీ వేడిలా క్రిముల్ని చంపలేవు. తర్వాత సింకునీ గట్టునీ ముందు సబ్బుతో కడిగి, ఆపైన క్రిమిసంహారకంతో తుడవండి. జిడ్డు మీద నేరుగా పోస్తే అది సరిగా పనిచేయదు. చేతులు సబ్బుతో 20 సెకన్లు రుద్దాలి.