బారసాల డబ్బులు పద్దెనిమిదేళ్లకి ఎంతవుతాయి?

"అమలాపురంలో మా పాప బారసాలకి చదివింపులు 50,000 వచ్చాయండి, కదపకుండా ఉంచేస్తే 18 ఏళ్లకి ఎంతవుద్ది?"

వడ్డీ ఏడాదికోసారి అసల్లో కలుస్తుందనుకుంటే లెక్క ఇదండి, r అంటే ఏడాది వడ్డీ రేటు, 4 శాతమైతే 0.04:

50000 × (1 + r)^18

4 శాతానికి 1,01,291 వస్తాయి, 6కి 1,42,717, 8కి 1,99,801, అంటే 4 నుంచి 8కి రేటు రెట్టింపైతే చివరి మొత్తం కూడా సుమారు రెట్టింపే గానీ లాభం మాత్రం 51 వేల నుంచి లక్షన్నరకి పోయింది చూడండి.

నోటిలెక్క కావాలంటే 72ని రేటుతో భాగించండి, 8 అయితే 9 ఏళ్లకి డబ్బు రెట్టింపు, 18 ఏళ్లలో రెండుసార్లు, అంటే నాలుగింతలు.

మనవైపు రూపాయి వడ్డీకి ఇద్దామంటారు కదా, ఏడాదికి 12 శాతమే అది, కానీ బారువడ్డీ అయితే 18 ఏళ్లకి మొత్తం 1,58,000, అదే చక్రవడ్డీ అయితే 3,84,498! (ఇచ్చినోడు తిరిగిస్తేనేలెండి.)

బ్యాంకులో కూడా ఇదే తిరకాసు, వడ్డీ మూణ్ణెల్లకోసారి సేవింగ్స్ ఖాతాలో పడే ఎఫ్‌డీ తీసుకుంటే అది పండగలకి ఖర్చైపోద్ది, అసలు 50,000 అలానే ఉంటుంది. బాండు మీద మెచ్యూరిటీ మొత్తం వేసినదానికి సమానంగా ఉంటే అదే రకం, వడ్డీ అసల్లోనే కలిసే క్యుములేటివ్‌కి మార్చమనండి.